పేరు మారింది, కొట్టు అదే: ఫాలోయర్లు పోకుండా కొత్త పేరుకు మారడం ఎలా?

కూకట్‌పల్లిలో మా వదినకు బ్లౌజులు కుట్టే బొటిక్ ఉంది. ఒకరోజు పొద్దున్నే ఆవిడ ఇన్‌స్టాగ్రామ్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, మీ అకౌంట్ హ్యాక్ అయిందా? నేను ఫాలో కాని పేజీ ఏదో నా ఫోన్లో కనిపిస్తోంది." సాయంత్రానికి అలాంటివి ఇంకో ఏడెనిమిది వచ్చాయి. హ్యాక్ ఏమీ కాలేదు. ముందురోజు రాత్రి మా అన్నయ్య కూర్చుని పేజీ పేరు, యూజర్‌నేమ్, లోగో, బయో అన్నీ ఒక్క ఊపులో మార్చేశాడు. తెల్లారేసరికి పాత కస్టమర్ల ఫోన్లలో ఎప్పుడూ చూడని పేరు, ఎప్పుడూ చూడని బొమ్మ. అడిగినవాళ్ళు నయం. అడగకుండా అన్‌ఫాలో కొట్టినవాళ్ళు ఎంతమందో!

చిన్న కొట్ల పేజీలు చూసుకోవడం నా పని కాబట్టి, సర్దే బాధ్యత నా మీద పడింది. వదిన కొట్టు అసలు పేర్లు ఇక్కడ రాయను. పాతది "కూకట్‌పల్లి బ్లౌజెస్", కొత్తది "నూలుపోగు" అనుకుందాం. పేరు మార్చడానికి కారణం మామూలుదే. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో బ్రాంచి పెడుతున్నారు. అక్కడి బోర్డు మీద కూకట్‌పల్లి అని రాసుకుంటే బాగోదు.

ముందుగా అర్థం కావాల్సింది ఒకటుంది. ఇన్‌స్టాగ్రామ్‌కైనా, ఫేస్‌బుక్‌కైనా, యూట్యూబ్‌కైనా మన అకౌంట్ అంటే లోపల ఒక నంబరు. ఫాలోయర్లు, పోస్టులు, మెసేజులు అన్నీ ఆ నంబరుకే కట్టి ఉంటాయి. పేరు, యూజర్‌నేమ్ అనేవి దాని మీద అంటించిన చీటీలు. చీటీ మారిస్తే లోపలి సరుకు కదలదు. అందుకే "కొత్త పేరుతో కొత్త అకౌంట్ తెరిచి, అందరినీ అక్కడికి రమ్మందాం" అనే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి. పాతదాన్ని ఫాలో అయ్యేవాళ్ళు పని మానుకుని కొత్తదాన్ని వెతికి మళ్ళీ ఫాలో కొట్టరు. మీ మీద కోపమేమీ ఉండదు, కొట్టాలని గుర్తుండదు, అంతే.

మరి చీటీ మారితే నష్టపోయేది ఏమిటి? పాత పేరు అక్షరాల్లో రాసి ఉన్న ప్రతిచోటూ. ఒక కస్టమర్ తన పెళ్ళి ఫొటో కింద `@kukatpallyblouses` అని రాసి ఉంటే, ఆ రాత అలాగే ఉంటుంది, నొక్కితే పాత పేరుకే పోతుంది. ఫొటో మీద ట్యాగ్ చేసి ఉంటే మాత్రం ఆ ట్యాగ్ అకౌంట్‌తో పాటే వస్తుంది. `instagram.com/kukatpallyblouses` అనే లింకు వాట్సాప్ గ్రూపుల్లో, గూగుల్‌లో, ఎవరిదో మేకప్ ఆర్టిస్ట్ బయోలో ఉంటుంది. అదంతా ఇక ఖాళీ ఇంటి అడ్రసు. వదినకైతే ఇంకో దెబ్బ తగిలింది. క్యారీ బ్యాగుల మీద ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే క్యూఆర్ కోడ్ అచ్చు వేయించి ఉంది. ఆ గళ్ళ బొమ్మలో ఉండేది యూజర్‌నేమ్‌తో ఉన్న లింకే కాబట్టి, ఒక బస్తాడు బ్యాగులు పనికిరాకుండా పోయాయి. పేరు మార్చే ఆలోచన ఏ మూలన ఉన్నా, అచ్చు వేసే వాటి మీద వాట్సాప్ లింకు క్యూఆర్ పెట్టుకోవడం మేలు. `wa.me` తర్వాత ఉండేది ఫోన్ నంబరు. నంబరు మారనంతకాలం కొట్టు పేరు వందసార్లు మారినా అది పని చేస్తుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి మార్పు మనందరం చూశాం. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ నంబర్లు వచ్చాయి, పాత టీఎస్ ప్లేట్లు అలాగే చెల్లుతున్నాయి. అదే ఏడాది మేలో టీఎస్ఆర్టీసీ టీజీఎస్ఆర్టీసీ అయింది. ఎక్స్‌లో వాళ్ళ హ్యాండిల్ `@TSRTCHQ` నుంచి `@TGSRTCHQ` అయింది. జనానికి పెద్దగా తికమక కలగలేదంటే కారణం, మారింది ఒక్క అక్షరం. జనం నోట్లో అది ఎప్పటినుంచో ఆర్టీసీ, ఇప్పుడూ ఆర్టీసీయే. మన కొట్లకు అంత అదృష్టం ఉండదు.

స్పెల్లింగ్ గొడవ

తెలుగు పేరు పెట్టుకుంటే అందంగా ఉంటుంది, సెర్చ్‌లో మాత్రం తలనొప్పి. "నూలుపోగు" అని తెలుగులో ఒక్కటే రాత. ఇంగ్లిష్ అక్షరాల్లోకి వచ్చేసరికి `noolupogu`, `nulupogu`, `noolpogu`, `nuulupogu`, ఎవరి చెవికి తోచినట్టు వాళ్ళు కొడతారు. మేము చేసిన పరీక్ష చాలా చిన్నది. కొట్లో కూర్చున్న ఆరుగురికి పేరు నోటితో చెప్పి, ఫోన్లో టైప్ చేయమన్నాం. నలుగురు ఒకేలా కొట్టిన స్పెల్లింగే యూజర్‌నేమ్ అయింది.

ఇక్కడే న్యూమరాలజీ ప్రవేశించింది. అన్నయ్యకు తెలిసినాయన ఒకరు పేరులో ఇంకో రెండు అక్షరాలు కలిపితే అంకె కుదురుతుందని చెప్పి `noolluppogu` అని రాసిచ్చారు. నమ్మకాన్ని నేను ప్రశ్నించను. కానీ ఆ స్పెల్లింగ్‌ను ఊహించి కొట్టే కస్టమర్ భూమ్మీద లేడు. చివరికి రాజీ కుదిరింది: బోర్డు మీదా, విజిటింగ్ కార్డు మీదా ఆయన చెప్పిన అక్షరాలు, యూజర్‌నేమ్‌లో జనం కొట్టే అక్షరాలు. (తర్వాత గూగుల్ దగ్గర ఈ రాజీయే మాకు ఎదురు తిరిగింది, అది కింద చెబుతాను.)

ఒకే యూజర్‌నేమ్ అన్నిచోట్లా దొరకాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో 30 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు, చుక్క, అండర్‌స్కోర్ కూడా చెల్లుతాయి. ఎక్స్‌లో 15 దాటకూడదు, చుక్క చెల్లదు. ఫేస్‌బుక్‌లో అండర్‌స్కోర్ కుదరదు. కాబట్టి గుర్తులేవీ లేకుండా 15 లోపు అక్షరాల పేరు దొరికితే ఎక్కడా ఇబ్బంది ఉండదు. దొరకగానే, మార్పు ఇంకా రెండు నెలలు ఉన్నా సరే, అన్నిచోట్లా ఉత్త అకౌంట్లు తెరిచి పేరు పట్టి పెట్టుకోండి. మార్చే రోజున ఆ ఉత్త అకౌంట్ పేరును వేరేగా మార్చి, వదిలిన పేరును అసలు అకౌంట్‌కు తగిలిస్తాం. వదిలిన పేరు వెంటనే దొరక్కపోవడం కూడా ఒక్కోసారి జరుగుతుంది. అందుకే ఆ వదిలే పని ప్రకటించిన తేదీ దాకా ఆపకుండా కొన్ని రోజుల ముందే చేసి చూసుకోవాలి.

దీనికంటే ముందే చేయాల్సింది ట్రేడ్‌మార్క్ వెతుకులాట. ఆ పేరు ఇంకెవరైనా ముందే నమోదు చేసుకున్నారా అని ప్రభుత్వ ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. అక్కడ సరుకులను, సేవలను క్లాసులుగా విడగొట్టి ఉంటారు: బట్టలు క్లాస్ 25లో వస్తాయి, కుట్టుపని క్లాస్ 40లో వస్తుంది. రెండింటిలోనూ చూడాలి, అదీ ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లతో సహా. దరఖాస్తు ఆన్‌లైన్లో చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో క్లాస్‌కు ₹4,500. అది ఇప్పుడే కట్టాలా వద్దా అనేది మీ ఇష్టం. కానీ వెతకకుండా పేరు మార్చి, ఏడాది తర్వాత ఎవరో లాయర్ నోటీసు పంపితే ఈ తతంగమంతా మళ్ళీ మొదటినుంచి చేయాలి.

ఒకేసారి అన్నీ మార్చకండి

అన్నయ్య చేసిన తప్పు పేరు మార్చడం కాదు, గుర్తుపట్టే ఆనవాళ్ళన్నీ ఒకే రాత్రి తీసేయడం. ఫీడ్‌లో వేలు జారుస్తూ పోయే మనిషి మనల్ని పేరు చదివి గుర్తుపట్టడు. గుండ్రంలో ఉన్న ఆ బొమ్మ, దాని రంగు చూసి గుర్తుపడతాడు. పేరు మారినా బొమ్మ అదే ఉంటే "ఓహో, వీళ్ళేనా" అనుకుంటాడు. రెండూ మారితే ఎవరో తెలియని మనిషి ఇంట్లోకి వచ్చినట్టే.

రెండో బొటిక్‌కి, అంటే వదిన స్నేహితురాలి కొట్టుకు పేరు మార్చినప్పుడు ఈ పాఠం పెట్టుకుని చేశాం. మొదట మార్చింది యూజర్‌నేమ్‌ని కాదు, దాని కింద కనిపించే డిస్‌ప్లే పేరుని. అక్కడ కొత్త పేరు, పక్కనే "పాత ఫలానా" అని పాత పేరు. అదీ తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకటి పట్టినంతవరకు. డిస్‌ప్లే పేరు సెర్చ్‌లో లెక్కకొస్తుంది కాబట్టి పాత పేరు కొట్టినవాళ్ళకీ మనం కనిపిస్తాం. ఇన్‌స్టాగ్రామ్ ఈ డిస్‌ప్లే పేరును 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తుంది, కాబట్టి రాసి, నలుగురికి చూపించి, అప్పుడు నొక్కాలి. అక్షరదోషంతో మొదటిసారి, అది దిద్దడానికి రెండోసారి అయిపోతే, తర్వాత రెండు వారాలు ఏ తప్పున్నా చూస్తూ కూర్చోవడమే.

రెండు వారాలపాటు రీల్స్ మొదట్లో ఆవిడే కెమెరా ముందుకొచ్చి "మనం ఇక ఫలానా పేరుతో" అని చెప్పింది. ఇది పోస్టర్ వేస్తే సరిపోదు. స్టోరీ 24 గంటల్లో పోతుంది, పోస్టర్‌ను ఎవరూ చదవరు. తెలిసిన ముఖం, తెలిసిన గొంతు చెబితే నమ్ముతారు. ఆ తర్వాతే యూజర్‌నేమ్ మార్చాం. లోగో ఇంకో నెల ఆగి మార్చాం, అదీ పాత మెరూన్ రంగు వదలకుండా.

యూజర్‌నేమ్ మార్చాక మామూలుగా 14 రోజుల దాకా పాతదానికి తిరిగి వెళ్ళే వీలుంటుంది. ఆ తర్వాత పాత పేరు ఎవరికైనా దొరకొచ్చు. అసలు ప్రమాదం అక్కడుంది. ఎవరో ఒకరు `kukatpallyblouses` తీసుకుని, మన ఫొటోలే పెట్టి, "అడ్వాన్స్ పంపండి" అని అడిగితే, పాత లింకు నొక్కి వచ్చిన కస్టమర్‌కు తేడా తెలియదు. కాబట్టి పాత పేరును మనమే ఆక్రమించాలి. మార్చిన వెంటనే మన ఉత్త అకౌంట్‌కు ఆ పేరు పెట్టి చూడాలి. ఒప్పుకుంటే సరి. లేదంటే క్యాలెండర్లో రాసుకుని, 14 రోజులు దాటాక రోజూ ప్రయత్నించాలి. పేరు చేతికొచ్చాక ఆ అకౌంట్‌లో ఒకే ఒక్క పోస్టు, బయోలో ఒకే ఒక్క వాక్యం: "మేము ఇప్పుడు `@noolupogu`, ఇక్కడ ఆర్డర్లు తీసుకోం." ఖాళీ ఇంటి తలుపు మీద కొత్త అడ్రసు రాసి పెట్టినట్టు. యూట్యూబ్‌లో కొంత వెసులుబాటు ఉంది. హ్యాండిల్ మార్చిన 14 రోజులూ పాత లింకు, కొత్త లింకు రెండూ పని చేస్తాయి. తర్వాత అక్కడా అంతే.

నిజమైన పేజీనే అని కస్టమర్ తనంతట తానే తేల్చుకునే దారి కూడా ఉంది, దాన్ని ఎవరూ వాడరు. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కితే ఆ అకౌంట్ వివరాలు వస్తాయి: ఎప్పుడు చేరారు, ఎన్నిసార్లు యూజర్‌నేమ్ మార్చారు అని. ఫేస్‌బుక్ పేజీల ట్రాన్స్‌పరెన్సీ విభాగంలో పాత పేర్ల చరిత్రే ఉంటుంది. "హ్యాక్ అయిందా" అని అడిగిన ప్రతి ఒక్కరికీ వదిన చేత ఇదే పంపించాం. ఏళ్ళ క్రితం చేరిన అకౌంట్ అని కళ్ళారా చూశాక ఎవరూ మళ్ళీ అడగలేదు.

ఫేస్‌బుక్, గూగుల్ మాట వినవు

ఇన్‌స్టాగ్రామ్‌లో మనం నొక్కితే మారుతుంది. ఫేస్‌బుక్ పేజీ పేరు మాత్రం అర్జీ పెట్టుకోవాలి. చూసి చెప్పడానికి మూడు రోజుల దాకా పట్టొచ్చు. ఒకసారి మారాక ఏడు రోజులు మళ్ళీ మార్చనివ్వదు. పేజీ విషయమే మారిపోయినట్టు అనిపిస్తే తిరస్కరిస్తుంది. బ్లౌజుల పేజీ ఉన్నట్టుండి "నూలుపోగు" అంటే వాళ్ళకేం తెలుస్తుంది? మాకు మొదటిసారి కాదన్నారు. "నూలుపోగు కూకట్‌పల్లి బ్లౌజెస్" అని రెండూ కలిపి అడిగితే ఒప్పుకున్నారు. కొన్ని వారాల తర్వాత పాత ముక్క తీసేశాం. కాబట్టి తేదీ ప్రకటించే ముందే ఫేస్‌బుక్ పని మొదలుపెట్టాలి. ఇన్‌స్టాలో ఒక పేరు, ఫేస్‌బుక్‌లో ఇంకో పేరుతో వారం గడిస్తే కస్టమర్ రెండు కొట్లు అనుకుంటాడు.

గూగుల్ మ్యాప్స్‌లో తిరకాసు ఇంకో రకం. అక్కడ ఉండాల్సింది కొట్టు బయట బోర్డు మీద ఉన్న పేరు. బోర్డు మారకముందే మ్యాప్స్‌లో మారిస్తే ఆగిపోతుంది, లేదా దారిన పోయే ఎవరో పాత బోర్డు చూసి "పేరు తప్పు" అని దిద్దుతారు. ముందు బోర్డు, దాని ఫొటో అప్‌లోడ్, అప్పుడు పేరు. మళ్ళీ వెరిఫికేషన్ అడిగితే కంగారు పడక్కర్లేదు, బోర్డు, లోపలి మిషన్లు చూపిస్తూ వీడియో తీయమంటారు. మా రాజీ బెడిసింది ఇక్కడే. బోర్డు మీద న్యూమరాలజీ స్పెల్లింగ్, మేము మ్యాప్స్‌లో ఇచ్చింది మామూలు స్పెల్లింగ్. రెండూ పొసగక మార్పు నిలిచిపోయింది. చివరికి బోర్డు కింద మామూలు అక్షరాల్లో ఇంకో వరుస రాయించాక గాని సాగలేదు.

చోటు అదే, యజమాని అదే, పని అదే అయితే పాత ప్రొఫైల్‌లోనే పేరు దిద్దాలి. అప్పుడు రివ్యూలు ఉంటాయి. పాతదాన్ని "శాశ్వతంగా మూసేశారు" అని గుర్తుపెట్టి కొత్తది తెరిస్తే, పాత పేరుతో వెతికిన ప్రతి ఒక్కరికీ ఎర్రక్షరాల్లో మూసేశారనే కనిపిస్తుంది. మెట్రో పిల్లర్ నంబరు చెప్పి దారి చూపించే ఊళ్ళో మ్యాప్స్ మాట అంటే అందరూ నమ్ముతారు, ఆటోవాడు కూడా. "పాత పేరు ఫలానా" అని పేరు గడిలో ఇరికించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ఆ మాట కింద వివరణలో రాసుకోవచ్చు.

డబ్బు దగ్గర కనిపించే పేరు

పేజీలు, మ్యాప్స్ అన్నీ సర్దాక కూడా వదినకు ఒక ఫోన్ వచ్చింది. "మీకే పంపుతున్నానా? వేరే పేరు చూపిస్తోంది." యూపీఐలో డబ్బు పంపేటప్పుడు కనిపించేది మనం పెట్టుకున్న ముద్దుపేరు కాదు. 2025 జూలై నుంచి వ్యక్తులకూ, చిన్న వ్యాపారులకూ చేసే చెల్లింపుల్లో బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరే చూపించాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన. వదిన కరెంట్ అకౌంట్ పాత కొట్టు పేరుతో ఉంది. కొత్త పేరు పేజీలో ఆర్డర్ పెట్టి, పాత పేరుకు అడ్వాన్స్ పంపమంటే ఎవరికైనా టెన్షనే. జీఎస్టీలో ట్రేడ్ నేమ్ మార్చి, ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్ళేదాకా అది మారలేదు. ఈలోపు ప్రతి ఆర్డర్ మెసేజ్ చివర ఒక వాక్యం కలిపాం: "డబ్బు పంపేటప్పుడు కూకట్‌పల్లి బ్లౌజెస్ అని కనిపిస్తుంది, అది మనదే." ఈ ఒక్క వాక్యం తర్వాత ఆ ఫోన్లు ఆగాయి.

వాట్సాప్ ఒక్కటే ఈ మొత్తంలో ఇబ్బంది పెట్టలేదు. వదిన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళ ఫోన్లో వాళ్ళు రాసుకున్న పేరే వస్తుంది, మన ప్రొఫైల్‌లో పేరు ఏదైనా. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ కూడా నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది, ఒక్కో లిస్టుకు 256 మంది. అంటే మార్పు గురించి చెప్పడానికి మన పాత కస్టమర్లను నేరుగా అందుకునే దారి అదే. మొదటి రోజే వాడాల్సింది, మేము చివర్లో వాడాం.

ఏ నెలలో మార్చాలి అన్నదానికి నా సలహా ఆషాఢం. పెళ్ళిళ్ళు లేక కుట్టుపని మందగించి ఉంటుంది, తప్పు దొర్లినా దిద్దుకునే టైమ్ ఉంటుంది. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం బ్లౌజుల మధ్య ఇన్‌బాక్స్ చూసే తీరికే ఉండదు. వదిన మాత్రం "ఆషాఢంలో కొత్త పేరేంటి, శుభమా?" అని ససేమిరా అంది. పేరు పెట్టే ముహూర్తం, బోర్డు ఎక్కించడం శ్రావణ శుక్రవారానికి ఉంచి, యూజర్‌నేమ్‌లు పట్టుకోవడం, ఫేస్‌బుక్ అర్జీ, పాత లింకుల లెక్క తీయడం ఆషాఢంలో చేశామని స్నేహితురాలి కొట్టు విషయంలో చెబితే, "అది ముందే చెప్పొచ్చుగా" అంది.

ఇప్పటికి ఏడాది కావస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచికి వచ్చేవాళ్ళు నూలుపోగు అంటున్నారు. కూకట్‌పల్లిలో పాతవాళ్ళు ఇంకా పాత పేరుతోనే ఫోన్ చేస్తారు, వదిన కూడా ఫోన్ ఎత్తి అలవాటులో అదే పేరు చెబుతుంది. పాత `@kukatpallyblouses` అకౌంట్‌కు నెలకు రెండు మూడు మెసేజులు వస్తూనే ఉన్నాయి. వాటికి జవాబివ్వడం అన్నయ్య డ్యూటీ.